తమ్ముడి లెక్కతో అక్కను కొలవకండి

ప్రశ్న: మాది నెల్లిమర్ల దగ్గర పల్లె. నాకు కవల పిల్లలు. పాప పది నిమిషాలు ముందు పుట్టింది, తర్వాత బాబు. ఇప్పుడు పద్నాలుగున్నరేళ్లు. పదకొండున్నర ఏట ఇద్దరినీ ఒకే రోజు వెయిట్‌లిఫ్టింగ్‌లో చేర్చాం. పన్నెండేళ్లకు పాప 38 కిలోల బరువుండి, బార్‌ను ముందు భుజాలకు తెచ్చి అక్కణ్నుంచి తలపైకి లేపే క్లీన్ అండ్ జెర్క్‌లో 35 కిలోలు ఎత్తేది. బాబు 34 కిలోలుండి 30 ఎత్తేవాడు. ఊళ్లో అందరూ పాపనే మెచ్చుకునేవారు. ఈ ఏడాది అంతా తిరగబడింది. ఎనిమిది నెలల్లో బాబు 54 కిలోలు ఎత్తే స్థాయి నుంచి 68కి వెళ్లాడు, తొమ్మిది సెంటీమీటర్ల ఎత్తు పెరిగాడు, ఇప్పుడు 52 కిలోలున్నాడు. పాప 50 నుంచి 52 దగ్గర ఆగిపోయింది. తన బరువు 47. నలభై ఎనిమిది దాటితే పై కేటగిరీకి పోవాలని ఆరు నెలలుగా రాత్రి అన్నం మానేసింది. పన్నెండున్నర ఏట పెద్దమనిషి అయింది, రెండు నెలలుగా నెలసరి రాలేదు. ఆటలాడే పిల్లలకు అది మామూలేనని ఎవరో అన్నారు. కోచ్ ఇద్దరికీ ఒకే సాధన చార్టు ఇస్తారు. మా అత్తగారు ‘ఇక చాలు, మగరాయుడిలా తయారవుతుంది, ఎత్తు కూడా పెరగదు’ అంటున్నారు. జిమ్ములో ఒకాయన పొడి వాడమన్నాడు, ఇంజెక్షను కూడా ఉందన్నాడు. పాప రాత్రుళ్లు ఏడుస్తోంది. మాన్పించాలా, వేరే ఆటలో వేయాలా, ఏం చేయాలి?
— ఒక తల్లి, విజయనగరం జిల్లా

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు ఒకదానికొకటి చుట్టుకుపోయి ఉన్నాయి. తమ్ముడు అక్కను ఎందుకు దాటిపోయాడన్నది ఒకటి, అక్క ఎందుకు ఆగిపోయిందన్నది రెండోది. మీ చుట్టూ ఉన్నవాళ్లు రెండింటికీ కలిపి ‘ఆడపిల్ల కదా’ అని ఒకే జవాబు చెప్పేస్తున్నారు. మొదటిదానికి ఆ జవాబు సరిపోతుంది. రెండోదానికి సరిపోదు. ఈ రెండింటినీ విడదీస్తే, మీరు ఏం చేయాలో చాలావరకు మీకే తెలుస్తుంది.

ముందు మొదటిది. పన్నెండేళ్లప్పుడు పాప ముందుండటం కూడా నిజానికి వయసు చేసిన పనే. ఆడపిల్లలు ఎత్తు పెరిగే జోరు సగటున పన్నెండేళ్ల దగ్గర వస్తుంది, మగపిల్లలకు పద్నాలుగు దగ్గర. అంటే మీ కవలలు ఒకే రోజు పుట్టినా, ఎదుగుదలలో అక్క తమ్ముడికంటే సుమారు రెండేళ్లు పెద్దది. అప్పటికి పాప ఎదుగుదల జోరు మీదుంది, బాబు ఇంకా చిన్నపిల్లాడు. యౌవనం మొదలు కాకముందు ఆడ, మగ పిల్లల కండబలంలో తేడా చాలా తక్కువే. ఆ వయసులో సాధన వల్ల వచ్చే బలం కండ పెరగడం వల్ల కన్నా, మెదడూ నరాలూ ఉన్న కండను ఒక్కసారిగా పనిలోకి దించడం నేర్చుకోవడం వల్ల ఎక్కువగా వస్తుంది. పాప అది బాగా నేర్చుకుంది. ఆ నేర్పు ఎక్కడికీ పోలేదు.

తర్వాత జరిగినది మీకు సులువుగా అర్థమయ్యేలా చెప్పాలంటే, మీ పక్కనే ఉన్న జూట్ మిల్లు చాలు. తాడును కోసి చూస్తే లోపల పోగులు కనిపిస్తాయి కదా. కండరం కూడా అలాంటి పోగుల కట్టే. ఒక కండరంలో ఎన్ని పోగులుంటాయన్నది చాలావరకు పుట్టే నాటికే తేలిపోతుంది. ఎదిగేకొద్దీ కొత్త పోగులు చేరడం కాదు, ఉన్న ఒక్కొక్క పోగూ లావెక్కుతుంది. మగపిల్లల్లో యౌవనం వచ్చినప్పుడు వృషణాల నుంచి టెస్టోస్టిరాన్ పెద్ద ఎత్తున రక్తంలోకి దిగి, ఈ పోగుల్లో మాంసకృత్తుల తయారీని పెంచుతుంది. పెద్దయ్యేసరికి మగవారి రక్తంలో ఆ హార్మోను ఆడవారికంటే దాదాపు 15 రెట్లు ఉంటుంది. అమ్మాయిల్లో అదే సమయంలో ఈస్ట్రోజన్ ముందుకు వస్తుంది. అది ఎముకను గట్టిపరుస్తుంది, కండరం దెబ్బ తిన్నప్పుడు మరమ్మతుకు సాయపడుతుంది, తుంటి దగ్గరా తొడల దగ్గరా కొవ్వు చేరుస్తుంది. అందుకే ఈ వయసులో అమ్మాయి బరువు పెరిగినా, పెరిగిన బరువంతా కండ కాదు. అబ్బాయి బరువులో కండ వాటా మాత్రం పెరుగుతూ పోతుంది. అమెరికాలో పెద్దవాళ్లను కొలిచిన లెక్కల్లో మగవారి శరీర బరువులో సుమారు 38 శాతం, ఆడవారి బరువులో సుమారు 31 శాతం కండరమే అని తేలింది.

అబ్బాయిల విషయంలో ఒక చిన్న మెలిక ఉంది. ఎత్తు ముందు పెరుగుతుంది, బలం దాని వెనకాల కొన్ని నెలల నుంచి ఏడాది దాకా ఆలస్యంగా వస్తుంది. మీ బాబు ఇప్పుడు సరిగ్గా ఆ మలుపులో ఉన్నాడు. ఈ 68 వాడి హద్దు కాదు. రాబోయే రెండు మూడేళ్లలో తేడా ఇంకా పెరుగుతుంది. ఈ సంగతి పాపకు ఇప్పుడే చెప్పాలి. లేకపోతే ప్రతి నెలా తను ఇంకోసారి ఓడినట్టు అనుకుంటుంది.

తేడా ఎంతవరకు పెరుగుతుందో చూడాలంటే మన ఇంటి దగ్గర ఉదాహరణే ఉంది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ మొదటిసారి పెట్టారు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో, ఒక్క ఊపున తలపైకి లేపే స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. బంగారు పతకం 242.5 కిలోలకు దక్కింది. ఆ ఏడాది మగవాళ్లకు కూడా 69 కిలోల విభాగం ఉండేది. అక్కడ బంగారం గెలిచిన బల్గేరియా లిఫ్టరు ఎత్తినది 357.5 కిలోలు. శరీర బరువు ఒకటే, బంగారం గెలిచిన ఇద్దరూ ప్రపంచంలో అందరికన్నా మేటి, అయినా ఆడవారి మొత్తం మగవారి మొత్తంలో మూడింట రెండు వంతులకు కాస్త పైన ఆగింది. ఇప్పుడు మీ పిల్లల లెక్క చేద్దాం. పాప తన బరువులో ప్రతి కిలోకు 1.11 కిలోలు ఎత్తుతోంది, బాబు 1.31. అంటే తమ్ముడి లెక్కలో పాపది 85 శాతం. ఒలింపిక్ విజేతల మధ్య ఉన్న తేడా కన్నా మీ ఇంట్లో తేడా తక్కువ. మీ బాబు ఇంకా సగం దారిలోనే ఉన్నాడు కాబట్టి ఈ 85 చూసి పండగ చేసుకోమని అనడం లేదు. పాప ఏదో తప్పు చేయబట్టి వెనకబడిందన్న మాట మాత్రం ఈ లెక్క ముందు నిలవదు.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఆడవారి కండరం నాసిరకం కాదు. నేను వైద్య కళాశాలలో పాఠాలు చెప్పిన రోజుల్లో సూక్ష్మదర్శిని కింద ఒక్క కండర పోగును పెట్టి ఇది ఆడవారిదా మగవారిదా అని విద్యార్థులను అడిగేదాన్ని. గట్టిగా చెప్పగలిగినవాళ్లు లేరు. ఒక చదరపు సెంటీమీటరు మందం ఉన్న కండరం లాగగలిగే బరువు ఇద్దరిలోనూ దాదాపు ఒకటే. తేడా ప్రధానంగా ఎంత కండ ఉందన్నదాంట్లో ఉంది. ఆ ఉండటం కూడా ఒళ్లంతా ఒకేలా ఉండదు. మెడ, భుజాల కండరాలు టెస్టోస్టిరాన్‌కు ఎక్కువగా స్పందిస్తాయి. అందుకే పెద్దవారిలో కాళ్ల బలం ఆడవారికి మగవారిలో సుమారు మూడింట రెండు వంతులుంటే, పైభాగం బలం సగానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. క్లీన్ అండ్ జెర్క్‌లో చివర బార్‌ను తలపైకి లేపేది కాళ్ల తోపే అయినా, దాన్ని పట్టుకొని నిలపాల్సింది భుజాలు. తమ్ముడికి ఈ ఏడాది భుజాలు విచ్చుకున్నాయి. పాప కాళ్లు తమ్ముడికి మరీ అంత వెనకబడి ఉండవని నా అంచనా. బార్‌ను భుజాల ముందు పెట్టుకొని గుంజీ తీసే ఫ్రంట్ స్క్వాట్‌లో ఇద్దరి అంకెలు కోచ్‌ను అడిగి చూడండి.

పోగుల్లో రకాలూ ఉన్నాయి. కొన్ని నెమ్మదిగా ముడుచుకుంటాయి, త్వరగా అలసిపోవు. కొన్ని చురుగ్గా ముడుచుకొని ఎక్కువ శక్తి ఇస్తాయి, తొందరగా అలసిపోతాయి. బరువు ఎత్తేటప్పుడు పని ఎక్కువ రెండో రకానిది. ఆడ, మగ తొడ కండరంలో ఈ రెండింటి సంఖ్యలో తేడా చిన్నదే, సగటున ఆడవారిలో నెమ్మది పోగుల వాటా కొద్దిగా ఎక్కువ. పెద్ద తేడా పోగుల లావులో ఉంది. యౌవనం తర్వాత మగవారిలో చురుకు పోగులు నెమ్మది పోగులకన్నా బాగా లావెక్కుతాయి. సాధన లేని ఆడవారిలో రెండూ సమానంగానో, నెమ్మదివే కాస్త పెద్దవిగానో ఉంటాయి. సాధనతో ఆడవారి చురుకు పోగులూ లావెక్కుతాయి. మొదట ఉన్న బలానికి ఎంత శాతం పెరిగిందని చూస్తే ఆడవారు మగవారికి తీసిపోరు. మొదలైన చోటు చిన్నది కాబట్టి కిలోల్లో తక్కువ కనిపిస్తుంది.

దీనివల్ల మీ పాపకు ఒక లాభం కూడా ఉంది, ఒకే చార్టు దాన్ని తొక్కేస్తోంది. అమ్మాయిలు తమ గరిష్ఠ బరువులో ఫలానా శాతం దగ్గర సగటున ఎక్కువసార్లు ఎత్తగలరు, సెట్టుకూ సెట్టుకూ మధ్య త్వరగా తేరుకుంటారు. తమ్ముడు తన గరిష్ఠంలో 80 శాతంతో మూడుసార్లు స్క్వాట్ చేసి ఆగితే, పాప అదే శాతంతో నాలుగో ఐదో చేయగలదేమో. కాబట్టి చార్టు వేరుగా కావాలి, తేలిగ్గా కాదు. కిలోలు కాకుండా పాప సొంత గరిష్ఠంలో శాతాలు రాసిన చార్టు ఇవ్వమని కోచ్‌ను అడగండి. ఇంకొకటి కూడా అడగండి: పాప చేతిలో ఉన్నది ఏ బార్? మగవారి బార్ 20 కిలోలు, 28 మిల్లీమీటర్ల మందం. ఆడవారిది 15 కిలోలు, 25 మిల్లీమీటర్లు. చిన్న వేళ్లకు ఆ మూడు మిల్లీమీటర్లు పట్టు తప్పించడానికి చాలు. చాలా చోట్ల ఒకే బార్ మీద అందరినీ నెట్టుకొస్తారు.

ఇప్పుడు రెండో ప్రశ్న, నన్ను ఎక్కువగా కలవరపెట్టినది. తమ్ముడి హార్మోన్లు తమ్ముడిని ముందుకు తీసుకుపోతాయి, అక్కను ఆపవు. సాధనలో ఉన్న పద్నాలుగున్నరేళ్ల అమ్మాయి ఎత్తే బరువు ఎనిమిది నెలల్లో రెండు కిలోలే పెరగడం ఆడపిల్ల కావడం వల్ల జరిగేది కాదు. రాత్రి అన్నం మానేసిన ఆరు నెలలూ, ముందుకు కదలని ఎనిమిది నెలలూ ఒకదానిమీదొకటి వచ్చి పడ్డాయి. దానికి తోడు నెలసరి ఆగింది. తిండి చాలనప్పుడు శరీరం ముందు బతకడానికి కావలసిన పనులు చూసుకుంటుంది, నెలసరి, కండ పెంపకం, ఎముక పెంపకం వాయిదా వేస్తుంది. పెద్దమనిషి అయిన మొదటి రెండేళ్లు నెలసరి అటూ ఇటూ కావడం సాధారణమే. మీ పాపకు ఆ రెండేళ్లు నిండాయి. పైగా తిండి తగ్గించింది. కాబట్టి ‘ఆటలాడే పిల్లలకు మామూలే’ అన్న మాటను పట్టించుకోకండి. చాలామందికి జరుగుతుంది కానీ మామూలు కాదు. మూడో నెల నిండేదాకా ఆగకుండా గైనకాలజిస్టుకు చూపించండి, తిండి మానేసిన సంగతి మీరే ముందు చెప్పండి. ఆ రోజే హిమోగ్లోబిన్ చూపించండి. 12 కన్నా తక్కువుంటే రక్తహీనత. అప్పుడు ఎంత మంచి చార్టు ఇచ్చినా పాప మెట్లెక్కేటప్పుడే ఆయాసపడుతుంది.

ఇంట్లో కనిపెట్టే మార్గం ఒకటుంది. ఒక పుస్తకంలో వారానికోసారి మూడు అంకెలు రాయించండి: స్క్వాట్, నిలబడి ముందుకు దూకిన దూరం, జెర్క్. స్క్వాటూ దూకుడూ పెరుగుతూ జెర్క్ మాత్రమే ఆగితే లోపం భుజాల్లోనో, పద్ధతిలోనో ఉన్నట్టు, అది కోచ్ చూసుకోవాల్సిన పని. మూడూ ఆగినా, తగ్గినా లోపం పళ్లెంలోనో, నిద్రలోనో, రక్తంలోనో ఉన్నట్టు. అప్పుడు బరువులు పెంచమనే కోచ్ మాట వినకండి.

ఇక మీ ముందున్న దారులు.

మాన్పించడం. అత్తగారి భయాలు రెండూ ఈ ఆటకు అంటవు. పద్ధతిగా, ఎవరైనా దగ్గరుండి చూస్తూ చేయించే లిఫ్టింగ్ వల్ల పిల్లల ఎత్తు ఆగదు. పాపది 12 ఏళ్లకే చాలా భాగం అయిపోయింది, అందుకే ఇప్పుడు నెమ్మదించింది. మగరాయుడిలా తయారు కావడానికి ఆ 15 రెట్ల హార్మోను కావాలి, అది ఇనుప ప్లేట్ల నుంచి రాదు. మీ దగ్గరి కొండవెలగాడ ఊళ్లో వెయిట్‌లిఫ్టింగ్‌లో పెద్ద పోటీల దాకా వెళ్లిన అమ్మాయిలు ఉన్నారు కదా, అత్తగారిని ఒకసారి తీసుకెళ్లి చూపించండి. అయినా మాన్పిస్తే ఏమవుతుంది? సాధన లేని అమ్మాయిల బలం పదిహేనేళ్ల దగ్గర దాదాపు చదునైపోతుంది. అబ్బాయిలది ఏమీ చేయకున్నా పద్దెనిమిది, ఇరవై దాకా పెరుగుతుంది. అంటే ఈ వయసులో సాధన ఆపడం వల్ల నష్టం తమ్ముడికన్నా అక్కకే ఎక్కువ. ఎముకకు కూడా ఇది కట్టుకునే కాలం. ఎదుగుదల జోరు చుట్టూ ఉన్న రెండేళ్లలోనే పెద్దయ్యాక ఉండే ఎముక ఖనిజంలో సుమారు నాలుగో వంతు చేరుతుంది. పాపే మానేస్తానంటే అది వేరే మాట, అప్పుడు వినండి.

వేరే ఆట. కబడ్డీకో పరుగుకో మారితే కాళ్ల బలం, ఓర్పు రెండూ అక్కడ పనికొస్తాయి, తమ్ముడి అంకె రోజూ కళ్లముందు ఉండదు. కానీ రాత్రి అన్నం మానేసే అలవాటు పాపతో పాటే ఆ ఆటలోకీ వెళ్తుంది. ముందు అది తేలాలి. తొందరలో మార్చకండి, ఒక మూడు నెలలు ఆగండి.

పొడి, ఇంజెక్షను. పొడి ఎక్కువభాగం పాల మాంసకృత్తే, అది వంటింట్లోనే దొరుకుతుంది. డబ్బా మీద రాయని నిషిద్ధ మందులు లోపల కలిసి ఉంటే, పోటీలో పరీక్ష చేసినప్పుడు తెలియక తిన్నానన్న మాట పనికిరాదు. ఇంజెక్షను విషయంలో దారులేమీ లేవు. అది మగ హార్మోనుకు సంబంధించినదైతే పాప గొంతు బొంగురుపోతుంది, మందు ఆపినా ఆ గొంతు తిరిగి రాదు. ముఖం మీద వెంట్రుకలు వస్తాయి, నెలసరి మరింత చెడుతుంది, మిగిలిన ఎత్తు కూడా ముందే ఆగిపోవచ్చు. అత్తగారు భయపడుతున్నది నిజంగా జరిగేది ఈ సూదితోనే. ఆ మనిషిని పిల్లల దగ్గరికి రానివ్వకండి, సంగతి కోచ్‌కు చెప్పండి.

కొనసాగించడం. నేనైతే ఇదే ఎంచుకుంటాను, కానీ ఒక షరతుతో: బరువు 48 దాటనివ్వాలి. ఎదిగే అమ్మాయిని ఒక కేటగిరీలో కట్టిపడేయడం, చిన్నప్పటి గౌనులో ఇరికించడం లాంటిది. పై కేటగిరీలో మొదటి పోటీలు కష్టంగానే ఉంటాయి, ఒకటి రెండు పతకాలు పోతాయి. ఆ మాట పాపకు ముందే చెప్పండి. రాత్రి అన్నం తిరిగి రావాలి, పక్కన పప్పు ఉండాలి. 47 కిలోల పిల్లకు ఈ సాధనలో రోజుకు 70 గ్రాముల దాకా మాంసకృత్తులు కావాలి. గుడ్డులో సుమారు 6 గ్రాములుంటాయి, గ్లాసు పాలలో కూడా దాదాపు అంతే, గిన్నెడు గట్టిపప్పులో మరికాస్త ఎక్కువ, వంద గ్రాముల చేప ముక్కలో ఇరవై దాకా. ఉదయం చోడి అంబలి మానకండి, ఎముకకు కాల్షియం దాంట్లో దండిగా ఉంది. ఒక్క మాట అడుగుతాను, నొచ్చుకోకండి. బాబు పళ్లెంలో గుడ్లు ఎన్ని, పాప పళ్లెంలో ఎన్ని? చాలా ఇళ్లలో ఎవరూ అనుకోకుండానే ఆ లెక్క తప్పుతుంది.

తిండి సరిదిద్దాక ఆరు నుంచి పన్నెండు వారాల్లో పుస్తకంలో అంకెలు కదలాలి. నెలసరి తిరిగి రావడానికి మాత్రం ఇంకా ఎక్కువ సమయం పట్టవచ్చు. అంకెలు కదలకపోతే నాకు మళ్లీ రాయండి, రక్తపరీక్ష కాగితాల నకలు జత చేయండి.

మీ ఉత్తరమంతా పాప గురించే. బాబు గురించి కూడా ఒక సంగతి చెప్పాలి. ఎనిమిది నెలల్లో తొమ్మిది సెంటీమీటర్లు పెరిగిన పిల్లాడిలో ఎముక ముందు పరుగెత్తుతుంది, కండరమూ దాన్ని ఎముకకు కట్టే నరాల్లాంటి పట్టీలూ వెనకాల లాగబడుతూ వస్తాయి. ఆ లాగుడు ఎక్కువగా మోకాలి చిప్ప కింద, ఎముక ఉబ్బెత్తుగా ఉండే చోట పడుతుంది. ఇలాంటి నెలల్లో ప్రతి వారం కొత్త గరిష్ఠం కోసం ఎత్తించడం మంచిది కాదు. అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి వాడు నొప్పి సంగతి బయటపెట్టడు. ఈ రాత్రి ఆ ఉబ్బెత్తు మీద బొటనవేలితో నొక్కి, నొప్పిగా ఉందా అని ఒకసారి అడగండి.